సైటులో అమ్మకం 3,17,100, బ్యాంకులో పడింది 2,71,372. ఆడిటర్ గారికి ఏ లెక్క ఇవ్వాలి?

పలాస_జీడి | నవంబర్ 4, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది పలాస. కాశీబుగ్గ దగ్గర చిన్న జీడిపప్పు వ్యాపారం, సొంత వెబ్‌సైటు పెట్టి ఏడాది అవుతోంది. సరుకు అంతా 5 శాతం జీఎస్టీలోనే ఉంది. సగానికి పైగా పార్సెళ్లు రాష్ట్రం బయటికి వెళ్తాయి. కొంతమంది ఆన్‌లైన్‌లో కడతారు, కొంతమంది సీఓడీ. ఆన్‌లైన్ డబ్బు పేమెంట్ గేట్‌వే నుంచి, సీఓడీ డబ్బు కొరియర్ నుంచి మా కరెంట్ ఖాతాలో పడుతుంది.

ఇన్నాళ్లూ ఆడిటర్ గారికి బ్యాంకు స్టేట్‌మెంట్, సైటు రిపోర్టు రెండూ పంపేసి ఊరుకునేదాన్ని. ఈసారి ఆయన "అమ్మా, అక్టోబర్‌కి అమ్మకాలు, పన్ను ఒక పేజీలో రాసి పంపండి, అది బ్యాంకు జమలతో కలవాలి" అన్నారు. రెండు రోజులుగా కూర్చుంటున్నాను. అక్టోబర్ ఆర్డర్లు సైటులో 3,17,100. బ్యాంకులో పడినవి 2,71,372. తేడా 45,728. గేట్‌వే చార్జీలు ఇంత ఉండవు కదా. 11వ తేదీలోగా జీఎస్టీఆర్-1 వెయ్యాలి. చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

రాజాం_కిరాణా | నవంబర్ 4, రాత్రి 9:34

ఇందులో తికమక ఏమీ లేదమ్మా. మన చేతికి వచ్చిందే మన అమ్మకం. 2,71,372ని 1.05తో భాగించండి, 2,58,450 వస్తుంది. మిగతా 12,922 పన్ను. అప్పుడు బ్యాంకుతో కలవకపోవడం అన్న మాటే ఉండదు. మా కొట్లో చాలా ఏళ్లుగా ఇదే పద్ధతి, ఎవరూ ఏమీ అనలేదు.

సాలూరు_సంత | నవంబర్ 4, రాత్రి 9:50

చెల్లెమ్మా, ఈ పన్ను బాధంతా ఎందుకు, కాంపోజిషన్‌లోకి మారిపోండి. 1 శాతం కట్టేస్తే సరిపోతుంది.

పలాస_జీడి | నవంబర్ 4, రాత్రి 10:05

అన్నా, కాంపోజిషన్‌లో ఉంటే వేరే రాష్ట్రాలకు అమ్మకూడదు. మాకు హైదరాబాద్, బెంగళూరు ఆర్డర్లే ఎక్కువ. అయినా నా ప్రశ్న పన్ను ఎంత కట్టాలని కాదు, ఈ రెండు అంకెలు ఎందుకు కలవడం లేదని.

విజయనగరం_ఖాతాలు | నవంబర్ 5, ఉదయం 6:40

అమ్మా, నేను విజయనగరంలో ఒక ఆడిట్ ఆఫీసులో చాలాకాలం ఖాతాలు రాశాను. సైటు అమ్మేవాళ్ల లెక్కలు ఇప్పటికీ చూస్తున్నాను. మెల్లగా వెళ్దాం, మీ లెక్క కలుస్తుంది.

ముందు రాజాం గారి మాట. ఆయన కొట్లో సరుకు ఇచ్చిన నిమిషమే పూర్తి డబ్బు పడుతుంది, మధ్యలో ఎవరూ కోత పెట్టరు. కాబట్టి ఆయనకు అది దాదాపు సరిపోతుంది. మీ డబ్బు ఇద్దరి చేతులు మారి వస్తుంది. ఇద్దరూ తమ చార్జీ పట్టుకుని, కొన్ని రోజులు తమ దగ్గర ఉంచుకుని ఇస్తారు. గేట్‌వే పట్టుకున్న చార్జీ మీ ఖర్చు. దాని వల్ల మీ అమ్మకం తగ్గదు, కొన్నవాళ్లు కట్టిన పన్నూ తగ్గదు. బ్యాంకు నుంచి వెనక్కి లెక్కేస్తే పన్ను తక్కువ కట్టినట్టవుతుంది. పైగా ఆ చార్జీల మీద వాళ్లు వేసిన 18 శాతం జీఎస్టీని క్రెడిట్ తీసుకునే దారి కూడా పోతుంది.

అందుకని అమ్మకం ఇన్వాయిస్‌ల నుంచి తియ్యాలి. బ్యాంకు నుంచి తియ్యకూడదు. తర్వాత ఆ అమ్మకం బ్యాంకు దాకా ఎలా వచ్చిందో మెట్టు మెట్టుగా రాయాలి. మీ ఆడిటర్ గారు అడిగింది అదే.

నాకు ఇవి చెప్పండి. 3,17,100లో ఆన్‌లైన్ ఎంత, సీఓడీ ఎంత? పంపకముందే రద్దయినవి ఎన్ని? తిరిగొచ్చిన సీఓడీ పార్సెళ్లు ఎన్ని? ఇన్వాయిస్ ఎప్పుడు వేస్తారు? గేట్‌వేలో అక్టోబర్ పేమెంట్ల మొత్తం ఎంత చూపిస్తోంది?

పలాస_జీడి | నవంబర్ 5, మధ్యాహ్నం 1:15

మాస్టారూ, చాలా థాంక్స్. ఆన్‌లైన్ 2,12,100, సీఓడీ 1,05,000. ఆన్‌లైన్‌లో 5,250 విలువైన ఆర్డర్లు పంపకముందే రద్దు చేసి డబ్బు వెనక్కి ఇచ్చాం. సీఓడీలో 12,600 సరుకు తీసుకోకుండా తిరిగొచ్చింది. పెట్టెలన్నీ 28వ తేదీకల్లా మా చేతికి వచ్చేశాయి. ఇన్వాయిస్ సరుకు కొరియర్‌కి ఇచ్చిన రోజే వేస్తాం. 31వ తేదీ ఆర్డర్లు కూడా ఆ సాయంత్రమే వెళ్లిపోయాయి.

గేట్‌వేలో మాత్రం అక్టోబర్ పేమెంట్లు 2,10,000 అని ఉంది. సైటు కంటే 2,100 తక్కువ. ఎక్కడో ఒక ఆర్డర్ డబ్బు రాలేదేమో అని భయంగా ఉంది.

గరివిడి_షీట్స్ | నవంబర్ 5, మధ్యాహ్నం 2:02

అక్కా, భయపడకండి. సైటు నుంచి దించుకున్న ఫైల్లో `Created at` నిలువు వరుస చూడండి. టైము పక్కన UTC అని ఉంటే అది మన టైము కాదు, ఐదున్నర గంటలు వెనక ఉంటుంది. నవంబర్ 1 తెల్లవారకముందు వచ్చిన ఆర్డర్ అందులో అక్టోబర్ 31గా కనిపిస్తుంది. గేట్‌వే మాత్రం మన టైమే చూపిస్తుంది. ఆ వరుస A అనుకుంటే, పక్కన ఒక ఖాళీ నిలువు వరుసలో ఇది పెట్టండి:

```
=DATEVALUE(LEFT(A2,10))+TIMEVALUE(MID(A2,12,8))+TIME(5,30,0)
```

ఇంకోటి. ఒక ఆర్డర్‌లో మూడు రకాల పప్పు ఉంటే ఫైల్లో మూడు గీతలు వస్తాయి. కొన్ని సైట్లు ఆర్డర్ మొత్తాన్ని మొదటి గీతలోనే రాస్తాయి, కొన్ని మూడింట్లోనూ రాస్తాయి. రెండో రకం అయితే కూడికలో అమ్మకం మూడింతలు అవుతుంది. ఆర్డర్ నంబర్లు డూప్లికేట్ ఉన్నాయేమో ఒకసారి చూసుకోండి.

అలాగే షిప్పింగ్ చార్జీ విడిగా తీసి దానికి 18 శాతం వెయ్యాలి. అది కూడా మర్చిపోకండి.

విజయనగరం_ఖాతాలు | నవంబర్ 5, మధ్యాహ్నం 3:30

టైము సంగతి బాగా పట్టావు బాబూ. షిప్పింగ్ మాట మాత్రం సరికాదు. సరుకుతో కలిపి ఇంటికి చేర్చే చార్జీ తీసుకుంటే అది సరుకు వెంటే నడుస్తుంది. జీడిపప్పు 5 శాతం కాబట్టి ఆ పార్సెల్ చార్జీకీ 5 శాతమే. కొరియర్ కంపెనీ ఆమెకు వేసే బిల్లులో 18 శాతం ఉంటుంది, అది వేరే బిల్లు.

పలాస_జీడి | నవంబర్ 5, రాత్రి 8:20

తమ్ముడూ, నువ్వు చెప్పిందే! 2,100 ఆర్డర్ ఒకటి 31వ తేదీ 19:40 అని ఉంది. మన టైములో నవంబర్ 1 తెల్లవారుజాము 1:10. దాన్ని నవంబర్‌లోకి తోసేశాను. డూప్లికేట్లు లేవు. ఇప్పుడు ఆన్‌లైన్ 2,10,000, గేట్‌వేతో సమానం. సీఓడీతో కలిపి 3,15,000.

విజయనగరం_ఖాతాలు | నవంబర్ 6, ఉదయం 6:55

ఇప్పుడు అమ్మకం చూద్దాం. 3,15,000లో పంపకముందు రద్దయిన 5,250కి మీరు ఇన్వాయిస్ వెయ్యలేదు, కాబట్టి అది అమ్మకమే కాదు. తిరిగొచ్చిన 12,600కి ఇన్వాయిస్ వేశారు కాబట్టి క్రెడిట్ నోట్ వెయ్యాలి. ఆర్డర్ కొట్టేస్తే చాలదు. రెండూ పోగా 2,97,150. 1.05తో భాగిస్తే సరుకు విలువ 2,83,000, పన్ను 14,150.

దీన్ని డెలివరీ ఊరిని బట్టి విడగొట్టండి. ఆంధ్రాలో డెలివరీ అయితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ చెరి సగం. బయటికి వెళ్తే ఐజీఎస్టీ. బరంపురం మీకు పక్క ఊరిలాంటిదే అయినా ఒడిశా కాబట్టి ఐజీఎస్టీయే. బయటి రాష్ట్రాలన్నీ ఒకే గీతలో వెయ్యకుండా రాష్ట్రానికి ఒక గీత రాయండి, రిటర్న్‌లో అలాగే అడుగుతుంది. హైదరాబాద్‌లో ఉన్న అబ్బాయి డబ్బు కట్టి టెక్కలిలో ఉన్న అమ్మానాన్నలకు పంపిస్తే డెలివరీ చిరునామానే ఇన్వాయిస్ మీద రాసి ఆంధ్రా అమ్మకంగా చూపండి. జీఎస్టీ నంబరు లేని కొనుగోలుదార్ల విషయంలో 2024 జూన్‌లో వచ్చిన సర్క్యులర్ దీన్ని తేల్చింది.

తర్వాత గేట్‌వే సెటిల్‌మెంట్ రిపోర్టు దించుకోండి. అందులో ప్రతి పేమెంట్ పక్కన చార్జీ, చార్జీ మీద జీఎస్టీ, ఏ యూటీఆర్‌తో, అంటే ఏ లావాదేవీ నంబరుతో బ్యాంకుకు వచ్చిందో ఉంటుంది. రెండు జాబితాలు తియ్యండి: సెప్టెంబర్‌లో కట్టి అక్టోబర్‌లో బ్యాంకుకు వచ్చినవి, అక్టోబర్‌లో కట్టి నవంబర్‌లో వచ్చినవి. కొరియర్ రిపోర్టులో కూడా పార్సెల్ నంబరు పట్టుకుని ఇదే పని చెయ్యండి.

పొందూరు_ఖాదీ | నవంబర్ 6, ఉదయం 10:12

నా గోల కూడా వినండి. నేను పొందూరు ఖాదీ షర్టులు ఒక పెద్ద ఆన్‌లైన్ అంగడిలో అమ్ముతాను. వాళ్లు కమీషన్‌తో పాటు జీఎస్టీ టీసీఎస్ 0.5 శాతం, ఆదాయపు పన్ను టీడీఎస్ 0.1 శాతం కూడా పట్టుకుంటారు. దానికి తోడు 2025 సెప్టెంబర్ 22న రేటు మారింది. 1,400 రూపాయల షర్టు 21వ తేదీ దాకా 12 శాతం, 22 నుంచి 5 శాతం. సెప్టెంబర్ మొదట్లో అమ్మినవి అక్టోబర్‌లో తిరిగొచ్చాయి. నేను అక్టోబర్ రిటర్న్‌లన్నీ 5 శాతంతో తీసేశాను. ఆ అంగడి రిపోర్టుతో పన్ను కలవడం లేదు. నాది తప్పా, వాళ్లదా?

విజయనగరం_ఖాతాలు | నవంబర్ 6, మధ్యాహ్నం 12:40

మీదే సవరించాలండీ. క్రెడిట్ నోట్ ఎప్పుడూ పాత ఇన్వాయిస్ రేటుతోనే వెయ్యాలి. 12 శాతంతో అమ్మిన షర్టు అక్టోబర్‌లో తిరిగొచ్చినా 12 శాతమే వెనక్కి పోతుంది. 5తో తీస్తే కట్టిన పన్నులో కొంత మీకు తిరిగి రాకుండా పోతుంది.

టీసీఎస్ ఖర్చు కాదు. పోర్టల్‌లో టీసీఎస్ క్రెడిట్ వచ్చిన చోట అంగీకరిస్తే మీ క్యాష్ లెడ్జర్‌లోకి వస్తుంది. అది సరుకు అమ్మిన నెలను బట్టి ఉంటుంది, డబ్బు బ్యాంకులో పడిన నెలను బట్టి కాదు. చాలామంది అక్కడ తప్పు వెతుకుతూ కూర్చుంటారు. పలాస అమ్మాయిది సొంత సైటు కాబట్టి ఆమెకు ఈ టీసీఎస్ లేదు.

పలాస_జీడి | నవంబర్ 7, రాత్రి 10:48

మాస్టారూ, రెండు రాత్రులు కూర్చుని తీశాను. చూడండి.

గేట్‌వే:
అక్టోబర్ పేమెంట్లు 2,10,000
వెనక్కి ఇచ్చినవి 5,250 తీసివేత
చార్జీ 2 శాతం 4,200, దాని మీద జీఎస్టీ 756 తీసివేత
మిగిలింది 1,99,794
సెప్టెంబర్‌వి అక్టోబర్‌లో వచ్చినవి 9,764 కూడిక
అక్టోబర్‌వి నవంబర్‌కు పోయినవి 14,646 తీసివేత
బ్యాంకుకు రావాల్సింది 1,94,912

కొరియర్:
అక్టోబర్ సీఓడీ 1,05,000లో తిరిగొచ్చినవి పోగా 92,400
సెప్టెంబర్‌వి అక్టోబర్‌లో ఇచ్చినవి 21,000 కూడిక
31వ తేదీకి ఇంకా ఇవ్వనివి 31,500 తీసివేత
కొరియర్ చార్జీ 5,500, జీఎస్టీ 990 తీసివేత
బ్యాంకుకు రావాల్సింది 75,410

రెండూ కలిపి 2,70,322. బ్యాంకులో ఉన్నది 2,71,372. ఇంకా 1,050 తేడా. 45,728 నుంచి ఇక్కడికి వచ్చాం. కానీ ఈసారి బ్యాంకులోనే ఎక్కువ ఉంది, అది అర్థం కావడం లేదు. రద్దయిన ఆర్డర్ల డబ్బు వెనక్కి ఇచ్చినా గేట్‌వే చార్జీ మాత్రం తిరిగి ఇవ్వలేదు, అది ఇప్పుడే చూశాను.

రాజాం_కిరాణా | నవంబర్ 7, రాత్రి 11:05

1,050కి ఇంత శ్రమ ఎందుకమ్మా. ఇతర ఆదాయం అని రాసేయండి.

విజయనగరం_ఖాతాలు | నవంబర్ 8, ఉదయం 6:30

రాయకండి. మొత్తాలతో మొత్తాలు పోల్చితే తేడా ఎంతో తెలుస్తుంది కానీ ఎక్కడుందో తెలియదు. ఇప్పుడు జమ జమగా కొట్టేయాలి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఒక్కో జమ యూటీఆర్ తీసుకుని, గేట్‌వే రిపోర్టులో అదే యూటీఆర్ ఉన్న పేమెంట్లన్నీ కూడితే అంతే రావాలి. పైసలతో సహా రావాలి. సరిపోయిన దాని మీద టిక్ పెట్టండి. చివరికి టిక్ లేకుండా మిగిలిందే మీ తేడా. గరివిడి బాబు సూత్రం రాసి పెడతాడు.

గరివిడి_షీట్స్ | నవంబర్ 8, ఉదయం 8:15

అక్కా, బ్యాంకు షీట్‌లో A వరుసలో యూటీఆర్, గేట్‌వే షీట్ పేరు Settle, అందులో G నికర మొత్తం, J యూటీఆర్ అనుకుంటే:

```
=SUMIFS(Settle!G:G,Settle!J:J,A2)
```

కొరియర్ ఫైల్లో పార్సెల్ నంబర్లు 1.23457E+13 లాగా కనిపిస్తుంటే ఆ ఫైల్ అలాగే సేవ్ చేయకండి, చివరి అంకెలు పోతాయి. మళ్లీ దించుకుని ఆ వరుసను టెక్స్ట్‌గా తెరవండి.

ఒక సందేహం మాస్టారూ. సీఓడీలో డబ్బు చేతికి రాకముందే అమ్మకం ఎలా అవుతుంది? 31న రోడ్డు మీద ఉన్న పార్సెళ్లను నవంబర్ అమ్మకంలో వెయ్యాలి కదా?

విజయనగరం_ఖాతాలు | నవంబర్ 8, ఉదయం 9:20

ఇన్వాయిస్ వేసి సరుకు గేటు దాటించిన రోజే జీఎస్టీకి లెక్క. అక్టోబర్ 30న పంపింది నవంబర్ 5న తిరిగొస్తే, అక్టోబర్‌లో అమ్మకం, నవంబర్‌లో క్రెడిట్ నోట్. డబ్బు ఎప్పుడొచ్చిందన్నది బ్యాంకు వైపు చూసుకోవాలి.

బొబ్బిలి_పార్సెల్ | నవంబర్ 8, ఉదయం 11:45

మా ఆడిటర్ గారు అలా చెయ్యరండి. నెల చివరి మూడు రోజులు సీఓడీ ఇన్వాయిస్‌లు ఆపేసి, పార్సెల్ డెలివరీ అయ్యాక వేయమంటారు. మాకు పదిలో మూడు తిరిగొస్తాయి. తిరిగొచ్చేవాటికి ముందే పన్ను కట్టి నెల తర్వాత సర్దుకోవడం చిన్న వ్యాపారికి భారమే.

విజయనగరం_ఖాతాలు | నవంబర్ 8, మధ్యాహ్నం 12:10

భారం నిజమే. కానీ ఇన్వాయిస్ లేకుండా సరుకు రోడ్డెక్కితే దారిలో ఆపినప్పుడు మీరు ఏం చూపిస్తారు? నేనైతే ఆ పని చెయ్యనివ్వను. మీ ఆడిటర్ గారితో ఒకసారి మాట్లాడండి.

బొబ్బిలి_పార్సెల్ | నవంబర్ 8, మధ్యాహ్నం 12:30

డెలివరీ చలాన్ పెడుతున్నాం మాస్టారూ. అది సరిపోతుందనే ఆయన అంటున్నారు. మళ్లీ అడిగి చూస్తాను.

పలాస_జీడి | నవంబర్ 9, సాయంత్రం 5:25

దొరికింది! బ్యాంకులో 24 జమలు ఉన్నాయి. 19 గేట్‌వేవి, 4 కొరియర్‌వి. అన్నీ టిక్ అయ్యాయి. ఒకటి మిగిలింది, 14వ తేదీ యూపీఐలో 1,050. నాకు గుర్తే లేదు. శ్రీకాకుళంలో ఒక టీచర్ గారు దీపావళికి వాట్సాప్‌లో అడిగితే కిలో పప్పు మా ఆయన బస్సులో పంపించి, డబ్బు నేరుగా ఖాతాకి వేయించుకున్నారు. సైటులో ఆర్డర్ లేదు, ఇన్వాయిస్ కూడా లేదు. ఇతర ఆదాయం అని రాసి ఉంటే 50 రూపాయల పన్ను కట్టకుండా ఒక అమ్మకం దాచినట్టయ్యేది. ఆ మాట తలుచుకుంటేనే ఇబ్బందిగా అనిపించింది.

విజయనగరం_ఖాతాలు | నవంబర్ 9, సాయంత్రం 6:40

దానికి ఇప్పుడే ఇన్వాయిస్ వేసి, అక్టోబర్ అమ్మకంలోనే కలపండి. ఆలస్యంగా వేసిన సంగతి మీ ఆడిటర్ గారికి దాచకుండా చెప్పండి. ఇకమీదట వాట్సాప్ ఆర్డర్ అయినా సైటులో చేత్తో ఎక్కించి, యూపీఐ అని గుర్తు పెట్టండి.

పలాస_జీడి | నవంబర్ 9, రాత్రి 9:30

ఈ లెక్క ఇప్పుడే పంపించాను. మొత్తం అమ్మకం 2,98,200. సరుకు విలువ 2,84,000. అందులో ఆంధ్రా 1,14,000, సీజీఎస్టీ 2,850, ఎస్‌జీఎస్టీ 2,850. బయటి రాష్ట్రాలు 1,70,000, ఐజీఎస్టీ 8,500, రాష్ట్రాల వారీగా వేరే పేజీ. మొత్తం పన్ను 14,200. దాని కింద గేట్‌వే మెట్లు, కొరియర్ మెట్లు, యూపీఐ 1,050, చివర బ్యాంకు 2,71,372. చార్జీల మీద జీఎస్టీ 756, 990 బిల్లులతో సహా విడిగా పెట్టాను.

రాజాం అన్నా, మీ పద్ధతిలో వెళ్లి ఉంటే పన్ను 12,922 వచ్చేది, 1,278 తక్కువ. మీ కొట్లో డబ్బు నేరుగా పడుతుంది కాబట్టి తేడా తెలియడం లేదు. కార్డు మెషిన్ ఉంటే మాత్రం ఒకసారి చూసుకోండి.

రాజాం_కిరాణా | నవంబర్ 9, రాత్రి 9:52

మెషిన్ ఉందమ్మా. పోయిన నెల స్టేట్‌మెంట్ రేపు తీసి చూస్తాను.

పలాస_జీడి | నవంబర్ 10, మధ్యాహ్నం 2:15

ఆడిటర్ గారు ఫోన్ చేశారు. లెక్క సరిపోయిందట, రేపు రిటర్న్ వేస్తామన్నారు. ఒక్కటి మాత్రం అడిగారు. కొరియర్ ఇవ్వాల్సిన 31,500లో ప్రతి పార్సెల్ పేరు కావాలన్నారు. జాబితా తీస్తే అందులో 2,100ది ఒకటి రాయగడ పార్సెల్, 17వ తేదీనే డెలివరీ అయినట్టు ఉంది. మిగతా వాటికి డబ్బు వస్తోంది, దానికి మాత్రం రాలేదు. ఫోన్ చేస్తే సరుకు కొన్నావిడ డెలివరీ అబ్బాయికి నగదు ఇచ్చానని చెప్పారు. కొరియర్ వాళ్లు ఫిర్యాదు నంబర్ ఇచ్చారు, ఏడు రోజులు పడుతుందట.

విజయనగరం_ఖాతాలు | నవంబర్ 10, మధ్యాహ్నం 3:05

డబ్బు రాకపోయినా సరుకు చేరింది కాబట్టి ఆ 100 రూపాయల పన్ను కట్టాల్సిందే. 2,100ని కొరియర్ బాకీగానే నవంబర్ లెక్కలోకి తీసుకెళ్లండి, కొట్టేయకండి. ఆవిడ డబ్బు ఇచ్చిన తేదీ, ఫిర్యాదు నంబర్ ఆ గీత పక్కనే రాసి పెట్టండి.

పొందూరు_ఖాదీ | నవంబర్ 10, సాయంత్రం 4:20

మాస్టారూ, 12 శాతం క్రెడిట్ నోట్లు సరిచేశాను, ఇంకా 84 రూపాయలు తేడా వస్తోంది. రాత్రికి ఫైల్ చూపిస్తే చూస్తారా?